గుర్వయ్య సారు రాసిన రెండు ఉత్తరాలు

ఎర్రగుంటపల్లి జిల్లా పరిషత్ హైస్కూలుకు గుర్వయ్య సారు హెడ్మాస్టరుగా వచ్చిన నాటికి ఆయన వయసు నలభై ఆరు. ఊరు కల్వకుర్తికి ఆరు మైళ్ల దూరంలో ఉంటుంది. సారు వాళ్ల నాయిన గొర్లు కాసినవాడు. కొడుకు మాత్రం పాలమూరులో ఒక వకీలు ఇంట్లో నీళ్లు తోడుతూ, ఉర్దూ మీడియంలో మెట్రిక్ పాసయ్యాడు. అప్పట్లో వాళ్ల కులంలో, ఆ చుట్టుపక్కల అంత చదువు చదివింది ఆయనొక్కడే. నిజాం సర్కారు పోయి బడుల్లోకి తెలుగు వచ్చినప్పుడు ముప్పై ఏండ్లు దాటిన మనిషి మళ్లీ పలక పట్టినట్టు తెలుగు రాత నేర్చుకున్నాడు. ఇంగ్లీషు ఆఫీసు కాగితాల నుంచి వచ్చింది. డీఈఓ ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాల్లో నచ్చిన వాక్యం కనబడితే ఒక నోటుబుక్కులో ఎక్కించుకునేవాడు. సెలవు చీటీకి ఒక వాక్యం, టీసీకి ఒకటి, క్యారెక్టర్ సర్టిఫికెట్టుకు మూడు. ఏండ్ల తరబడి ఆ మూడు వాక్యాలతోనే ఎంతోమంది బయటి లోకంలోకి పోయారు.

మాట తక్కువ మనిషి. పొద్దున తొమ్మిదిన్నరకు వరండాలో నిలబడితే పిల్లలు పరుగు మాని నడిచేవాళ్లు. రోజుకు రెండుసార్లు బడి చుట్టూ తిరిగేవాడు. ప్రతి క్లాసు తలుపు దగ్గర ఒక నిమిషం ఆగి, లోపల సారు ఉన్నాడా లేడా చూసి, ముందుకు పోయేవాడు.

ఆ బడిలో లెక్కల సారు ఇస్రాయేలు. మోత్కూరు దిక్కువాడు. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు. మిషన్ హాస్టల్లో ఉండి చదివి, బీఈడీ చేసి, పందొమ్మిది వందల అరవైలో ఉద్యోగంలో చేరాడు. వచ్చిన కొత్తలో ఊర్లో ఎవరూ ఇల్లు కిరాయికి ఇవ్వలేదు. ఖాళీ లేదనే అన్నారందరూ. ఎందుకు లేదో ఎవరూ పైకి అనలేదు, అతనూ అడగలేదు. గుర్వయ్య సారు బడి వెనక సామాన్ల గది ఖాళీ చేయించి తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ ఒక్క పనితో ఇస్రాయేలు విషయంలో తాను చేయాల్సింది చేసేశానని ఆయన మనసులో అనుకున్నట్టుంది. ఆ తర్వాత మూడేండ్లు వాళ్లిద్దరి మధ్య అటెండెన్సు రిజిస్టరు తప్ప పెద్దగా మాటల్లేవు.

అరవై మూడు ఏప్రిల్‌లో ఇస్రాయేలు ఒక ఫారం పట్టుకొని హెడ్మాస్టరు గదికి వచ్చాడు.

"ఏంది?"

"ఎం.ఈడీ.కి అర్జీ పెడుతున్న సార్. హైదరాబాదుల. అర్జీ మీ ద్వారా డీఈఓ ఆఫీసుకు పోవాలె. దీనికి తోడు మీరొక సిఫారసు ఉత్తరం రాసియ్యాలె."

గుర్వయ్య సారు ఫారం తిప్పి చూశాడు. "సంతకం పెడత. ఉత్తరం నువ్వే రాసుకొని రా, దాని మీద గూడ పెడత. అందరు గట్లనే చేస్తరు."

ఇస్రాయేలు ఫారం తన వైపు తిప్పుకున్నాడు. దాని మీద ఒక చోట వేలు పెట్టాడు. "ఇండ్ల కాన్ఫిడెన్షియల్ అని ఉన్నది సార్. మీరే రాసి, కవరుకు సీలేసి, నేరుగ కాలేజీకి పంపాలె. అర్జీ పెట్టినోడు చూడొద్దట. నా గురించి నేను రాసుకునుడు మంచిగుండది."

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ చిన్నవాడు నియమం చెప్పినట్టు తోచి హెడ్మాస్టరుకు కోపం వచ్చింది. పైకి ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే నోటుబుక్కు తీసి మూడు వాక్యాలు ఎత్తి రాశాడు. ఇస్రాయేలు తన కింద మూడేండ్లుగా పనిచేస్తున్నాడని, అతని నడత, గుణం బాగున్నాయని, వేళకు వస్తాడని. అతనికి జయం కలగాలని కింద ఇంకో ముక్క కలిపాడు. కవరు అంటించి, అతుకు మీద సంతకం చేసి, లక్క సీలు వేసి పంపించాడు. మొత్తం పావుగంట పని.

జూలైలో సీటు రాలేదని కార్డు వచ్చింది. ఇస్రాయేలు ఆ కార్డు హెడ్మాస్టరుకు చూపించి, "ఈసారి గాలే సార్" అన్నాడు. "మళ్లొస్తది తీ" అన్నాడు ఈయన. ఆ రోజూ ఇస్రాయేలు ఐదు పీరియడ్లు చెప్పాడు.

ఆ దసరా సెలవుల్లో హైదరాబాదులో ఒక ట్రైనింగ్ కాలేజీ వాళ్లు హెడ్మాస్టర్లకు మూడు రోజుల సెమినార్ పెట్టారు. పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి నలభైమంది దాకా పోయారు. రెండోనాడు సావిత్రమ్మ అనే లెక్చరరు మాట్లాడింది. యాభై ఏండ్లుంటాయి, గొంతు మెత్తన. పై చదువులకు వచ్చే అర్జీల సంగతి ఎత్తుకొని, చేతిలో ఉన్న కాగితం చదివింది. పేరు, ఊరు చెప్పలేదు.

మొదటి వాక్యం వినగానే గుర్వయ్య సారు తలెత్తాడు. రెండోది తనకు నోటికి వచ్చు. మూడోది ఆమె పూర్తి చేసేలోపే ఆయన పెదవులు కదిలాయి.

"ఇది పంతులు గురించి రాసిందో, కాపలా మనిషి గురించి రాసిందో మీరే చెప్పండి" అంది సావిత్రమ్మ. "ఇద్దరికీ సరిపోతుంది."

హాలంతా నవ్వింది. గుర్వయ్య సారు కూడా నవ్వాడు. నవ్వకపోతే పక్కవాళ్లకు తెలిసిపోతుందని భయం.

నిజానికి అది ఆయన ఉత్తరమే కావాలని లేదు. ఆ మూడు వాక్యాలూ జిల్లాలో సగం బడుల్లో తిరుగుతున్నవే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఆ పూట అన్నం సరిగ్గా తినలేకపోయాడు. సాయంత్రం అందరూ చాయ్‌కి పోయినప్పుడు సావిత్రమ్మ గదికి పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఒకటి అడుగుత. అసొంటి ఉత్తరం వస్తె ఏం జేస్తరు?"

"ఏమీ చెయ్యం. పక్కన పెడతాం. మార్కులు సమానంగా ఉన్నవాళ్లు ఐదుగురుంటే, ఎవరి గురించి మాకు ఏదైనా తెలిసిందో వాళ్లను పిలుస్తాం. మూడు ముక్కల ఉత్తరం వచ్చిందంటే హెడ్మాస్టరుకు ఆ మనిషి మీద నమ్మకం లేదేమో అనుకుంటాం."

"నమ్మకం లేక గాదు. రాయరాక."

"భాష సంగతి మేం చూడమండీ. మీ కళ్లతో మీరేం చూశారో రాయండి. ఒక పాఠం, ఒక పిల్లవాడు, ఏదో ఒకటి జరిగింది. మీరు చూసిన మిగతా పంతుళ్ల పక్కన పెడితే ఇతను ఎక్కడ నిలుస్తాడో రాయండి. లోపం ఉంటే అదీ రాయండి. లోపమే లేదని రాస్తే మంచి మాటలు కూడా నమ్మబుద్ధి కాదు."

గుర్వయ్య సారు తల ఊపి బయటికి వచ్చాడు. కల్వకుర్తి బస్సులో కూర్చున్నాక ఒక సంగతి తెలిసొచ్చింది. ఇస్రాయేలు పాఠం చెప్పగా తాను ఎన్నడూ వినలేదు. రాయడానికి తన దగ్గర ఏమీ లేదు.

బడి తెరిచిన నాలుగో రోజు ఇస్రాయేలును పిలిచాడు. కూర్చోమన్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు.

"నీకు సీటు రాకపోవుడుల నా ఉత్తరం పాలు గూడ ఉండొచ్చు" అని మొదలుపెట్టి, రాసింది రాసినట్టు చెప్పాడు. కోపం మీద పావుగంటలో రాసిన సంగతీ దాచలేదు. హైదరాబాదులో విన్నదీ చెప్పాడు.

ఇస్రాయేలు ముఖం నల్లబడింది. చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఏడాది పోయింది సార్" అన్నాడు.

"పోయింది."

"నాకు ఇరవై ఎనిమిదేండ్లు. నా యెనక ఇద్దరు చెల్లెండ్లున్నరు. ఏడాదంటే చిన్నది గాదు."

"నిజమే" అన్నాడు గుర్వయ్య సారు. "మళ్ల అర్జీ పెట్టు. ఈసారి మంచిగ రాస్త."

ఇస్రాయేలు లేచాడు. "మంచిగ రాయొద్దు సార్. రాసేముందు ఒక్కసారి నా క్లాసుకు రాండ్రి. మూడేండ్ల నుంచి తలుపుదాకనే వచ్చిండ్రు."

ఆ తర్వాత రెండు వారాలు అతను హెడ్మాస్టరుతో అవసరానికి మించి మాట్లాడలేదు. నమస్కారం మాత్రం పెట్టేవాడు.

గుర్వయ్య సారు నవంబరులో మూడు రోజులు వరసగా ఏడో తరగతి చివరి బల్ల మీద కూర్చున్నాడు. మొదటిరోజు పిల్లలు బిగుసుకుపోయారు. ఇస్రాయేలు చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. చూసి రాయదగ్గది ఏమీ జరగలేదు. రెండోరోజు భిన్నాల భాగహారం వచ్చింది. అరను పావుతో భాగిస్తే రెండు అని బోర్డు మీద పడగానే ఈదమ్మ అనే పిల్ల లేచి నిలబడింది. చాకలి వాళ్ల బిడ్డ, బడిలో చాలా తక్కువగా మాట్లాడే పిల్ల.

"భాగిస్తే తక్కువ గావాలె గద సార్. అర కంటె రెండు పెద్దది. ఎట్ల పెరిగింది?"

ముందు బల్లల్లో నవ్వులు వినబడ్డాయి. ఇస్రాయేలు నవ్వినవాళ్ల వైపు చూశాడు. "నవ్వినోళ్లకు జవాబు తెలిసినట్టుంది. లేసి చెప్పుండ్రి." ఒక్కరూ లేవలేదు.

అతను బోర్డు తుడిచేశాడు. "మీ ఇంట్ల సీసాల అరశేరు నూనె ఉన్నది ఈదమ్మా. మీ అవ్వ పావుశేరు గిన్నెతోని కొలిచి పోస్తాంది. ఎన్నిసార్లు పోస్తది?"

"రెండుసార్లు."

"ఇప్పుడు నూనె పెరిగిందా?"

పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఇస్రాయేలు అందించలేదు. క్లాసంతా ఎదురుచూసింది. "లేదు సార్. నూనె గంతే ఉన్నది. రెండు అంటే రెండు శేర్లు గాదు. రెండుసార్లు."

"ఇంకోసారి చెప్పు, అందరికి ఇనబడేటట్టు."

ఆమె చెప్పింది. వెనక బల్ల మీద గుర్వయ్య సారు రాసుకోవడం ఆపేశాడు. ఆయన కూడా హెడ్మాస్టరు కాకముందు పదిహేనేండ్లు లెక్కలు చెప్పినవాడే. కింది భిన్నాన్ని తిరగేసి గుణించమని నేర్పాడు. ఎందుకు తిరగెయ్యాలని ఏ పిల్లా అడగలేదు, ఆయనా తనను తాను అడగలేదు.

మూడోరోజు ఇంకొకటి కనబడింది. ఇస్రాయేలు బోర్డు మీద చిన్నగా రాస్తాడు, వెనక బల్లకు అగపడదు. ఒక్క లెక్క మీద నలభై నిమిషాలు గడిచిపోతాయి. తొందరగా చేసేసిన ఇద్దరు పిల్లలు పని లేక కూర్చున్నారు. దాన్నీ రాసుకున్నాడు.

అంతకు ముందటేడు ఇన్స్పెక్షన్‌లో సిలబస్ వెనకబడిందని ఇన్స్పెక్టరు రాసి పోతే, గుర్వయ్య సారు ఇస్రాయేలుకు మెమో ఇచ్చాడు. జవాబు వచ్చింది. చదవకుండా ఫైలులో పెట్టించాడు. ఇప్పుడు తీసి చదివాడు. రెండు కాగితాలు. ఎనిమిదో తరగతికి వచ్చిన ముప్పై నాలుగుమందిలో పందొమ్మిదిమందికి మామూలు భాగహారం రాదని, పేరు పేరునా ఎవరు ఎక్కడ తప్పుతున్నారో రాసి ఉంది. వాళ్లకు అది నేర్పడానికి ఆరు వారాలు పట్టిందని చివర ఉంది. క్షమించమని ఎక్కడా లేదు.

అరవై నాలుగు మార్చిలో కొత్త ఫారం వచ్చింది. సంగతి తెలిసి సీనియర్ అసిస్టెంటు లచ్చయ్య గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. లచ్చయ్య చెడ్డవాడు కాదు. టైం టేబుల్ వేసేది ఆయనే, కాబట్టి ఆయన బాధ ఆయనది.

"సార్, ఒక మాట. గాయన పోతె లెక్కలకు ఎవ్వరు రారు. గీ ఊరికి ఏస్తె వచ్చేటోడు ఎవడు? పదో తరగతి పిల్లలు మునుగుతరు. మీరు చెడుగ రాయొద్దు. మామూలుగ రాయుండ్రి చాలు. పోయినేడు రాసినట్టు."

గుర్వయ్య సారు ఆలోచించి చెప్తానన్నాడు. లచ్చయ్య చెప్పింది అబద్ధం కాదు. మామూలుగా రాస్తే ఎవరూ తప్పు పట్టరు, ఎవరికీ తెలియదు. బడికి లెక్కల సారు మిగులుతాడు. రెండు రోజులు ఆ ఆలోచనతోనే తిరిగాడు. మూడోరోజు ఇంటర్వెల్లో లచ్చయ్యను పిలిచి, "మామూలుగ రాస్తె అది అబద్ధమైతది లచ్చయ్యా. నేను జూసినంక మామూలుగ ఎట్ల రాస్త?" అన్నాడు.

"మరి పిల్లలో?"

"వాళ్లకు లెక్కలు నేను చెప్త."

ఉత్తరం రాయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. బడిలో ఎవరూ లేనప్పుడు వచ్చి తన గదిలో కూర్చునేవాడు. ముందు తెలుగులో రాశాడు, దాన్ని ఇంగ్లీషులోకి తిప్పాడు. చేతికి అలవాటైన మూడు వాక్యాలు మాటిమాటికీ వచ్చి కూర్చునేవి, కొట్టేసేవాడు. "అద్భుతమైన ఉపాధ్యాయుడు" అని ఒకచోట రాసి, అద్భుతం తాను చూడలేదని అదీ కొట్టేశాడు. ఈదమ్మ ప్రశ్నకు ఇంగ్లీషు దొరకడం కష్టమైంది. చివరికి ఆమె అన్నది అన్నట్టే చిన్న చిన్న మాటల్లో పెట్టాడు.

చేతిరాతలో రెండు పేజీలు వచ్చింది. ఇస్రాయేలును తాను ఏ హోదాలో, ఎన్నేండ్లుగా ఎరుగుదునో మొదట రాశాడు. వాటిలో మూడేండ్లు అతని పని చూడకుండానే గడిపానని, చూసింది ఈ ఏడే అని పక్కనే రాశాడు. తర్వాత నూనె పాఠం. పదో తరగతి పరీక్షలో లెక్కలు తప్పినవాళ్లు మూడేండ్లలో పందొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గారని రాసి, మొదటి ఏడాది పిల్లలు మరీ వెనకబడినవాళ్లు కాబట్టి మెప్పంతా అతనిదే అనలేనని చేర్చాడు. తన ఇరవై రెండేండ్ల సర్వీసులో తనతో పనిచేసిన లెక్కల పంతుళ్లు పదకొండుమందిలో, పిల్లలు ఎందుకు తప్పుతున్నారో వెతికినవాడు ఇతనొక్కడే అన్నాడు. మెమో సంగతి, జవాబు తాను ఏడాది తర్వాత చదివిన సంగతి రాశాడు. బోర్డు రాత చిన్నదని, తెలివైన పిల్లలకు పని చాలదని, సిలబస్ వెనకబడుతుందని కూడా రాశాడు. అతన్ని వదులుకుంటే బడికి ఇబ్బందే అని, అయినా సెలవు ఇవ్వడానికి తనకు అభ్యంతరం లేదని ముగించాడు.

సంతకం చేశాక కవరు మీద సీలు వేసి, ప్యూనుకు ఇవ్వకుండా తానే కల్వకుర్తి పోయి రిజిస్టరు పోస్టులో వేశాడు.

జూన్‌లో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పోయివచ్చిన ఇస్రాయేలు నేరుగా హెడ్మాస్టరు గదికి వచ్చాడు.

"సార్, వాళ్లు నన్ను మార్కుల గురించి అడగలే. తెలివైన పిల్లలు ఖాళీగ కూసుంటె ఏం జేస్తవని అడిగిండ్రు. బోర్డు మీద రాయమని సుద్దముక్క ఇచ్చిండ్రు. మీరేం రాసిండ్రు?"

"అది నీకు చెప్పేది గాదు. ఫారం మీదనే ఉన్నది గద" అన్నాడు గుర్వయ్య సారు. "ఏం జెప్పినవు?"

"ఏం జెయ్యాల్నో ఇంకా తెల్వదన్న. అది తెలుసుకునేందుకే వస్తున్న అన్న."

సీటు వచ్చింది. జీతం లేని సెలవు మంజూరై వచ్చింది. జూలై రెండోవారంలో ఇస్రాయేలు సామాన్ల గది తాళంచెవి ఇచ్చి, రేకుపెట్టె బస్సు మీదికి ఎక్కించి, హైదరాబాదు పోయాడు.

లచ్చయ్య చెప్పినట్టే అయింది. సంక్రాంతి దాటే దాకా లెక్కలకు ఎవరూ రాలేదు. గుర్వయ్య సారు పొద్దున రెండు పీరియడ్లు, మధ్యాహ్నం ఒకటి తానే చెప్పాడు. ఆఫీసు పని వెనకబడింది. ఆ ఏడు పదో తరగతిలో పద్నాలుగుమంది లెక్కలు తప్పారు. సర్పంచు బడికి వచ్చి, ఉన్న సారును పంపి పిల్లలను ముంచినవని నలుగురిలో అన్నాడు. గుర్వయ్య సారు కాదనలేదు. "నేను చెప్పుడు చాల్లేదు" అన్నాడు.

ఇస్రాయేలు ఆ బడికి తిరిగి రాలేదు. చదువు అయ్యాక నల్లగొండ జిల్లాలో పంతుళ్లకు శిక్షణ ఇచ్చే చోటికి వేశారు. పండుగలకు ఒక కార్డు రాసేవాడు. చేజారిన ఆ ఏడాది గురించి వాళ్లు మళ్లీ మాట్లాడుకోలేదు. ఇస్రాయేలు దాన్ని మర్చిపోయాడని గుర్వయ్య సారు అనుకోలేదు కూడా.

రిటైరయ్యే లోపు ఆయన ఇంకో తొమ్మిదిమందికి సిఫారసు ఉత్తరాలు రాశాడు. అడిగినవాళ్లకు ముందే చెప్పేవాడు, మూడు రోజులు నీ క్లాసులో కూసుంట, కనబడ్డది రాస్త అని. విసుక్కున్నవాళ్లు ఉన్నారు. వేరేచోట రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకతనికి మాత్రం నాలుగో రోజు పిలిచి, "నీకు నేను రాయలేను బిడ్డా. రాస్తే నీకే నష్టం. ఇంకొక్కేడు ఆగు, ఇవి సర్దుకో" అని నాలుగు సంగతులు చెప్పాడు. అతను కోపంగా పోయాడు. ఏడాది తర్వాత మళ్లీ వచ్చి అడిగాడు. గుర్వయ్య సారు కళ్లద్దాలు, నోటుబుక్కు తీసుకొని అతని వెంట క్లాసుకు నడిచాడు.